కుటుంబ వేదిక: దోర్నకల్, మెదకు దేవాలయాల యాత్ర – నాలుగు రోజుల కాలపట్టిక



గుడివాడ దగ్గరి ఒక పల్లె నుండి ఒక సహోదరి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. వారి ఇంటి నుండి పదకొండుగురు దోర్నకల్, మెదకు దేవాలయాలు చూచి రావాలని అనుకుంటున్నారు. అత్తగారు, మామగారు, ఇద్దరు కుమారులు, ఇద్దరు కోడళ్ళు, మూడేళ్ళ నుండి పదమూడేళ్ళ వరకు నలుగురు పిల్లలు, ఒక మేనత్తగారు. మామగారికి డెబ్బై రెండేళ్ళు, చక్కెర వ్యాధి ఉంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. శుక్రవారం తెల్లవారుజామున బయలుదేరి, ఆదివారం మెదకులో ఆరాధన చేసికొని, ఆ రాత్రికే ఇల్లు చేరాలని వారి ఆలోచన. “మూడు రోజులు సరిపోతాయా? ఏ చోట ఎంతసేపు ఉండాలి? గదులు, బండి ఎప్పుడు మాట్లాడుకోవాలి?” అని ఆమె అడిగారు. ఇదే ప్రశ్న ఇంకా అనేక కుటుంబాలలో ఉంటుంది కనుక ఈ నెల పేజీ అంతా దీనికే ఇస్తున్నాము.

మనము ప్రొటెస్టెంటులము గనుక ఒక స్థలానికి వెళ్ళినందువలన పుణ్యము కలుగుతుందని అనుకోము. అయినా మన పెద్దలు కట్టిన మందిరములో పిల్లలతో కలిసి కూర్చుండి దేవుని స్తుతించాలనే ఆశ మంచిదే. దోర్నకల్ దేవాలయం బిషప్ అజరయ్యగారి కాలంలో కట్టబడి 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. మన దేశస్థులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. 1912లో అభిషేకం పొందారు. మెదకు దేవాలయం రెవరెండ్ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పూనికతో లేచి, 1924 క్రిస్మస్ దినాన ప్రతిష్ఠింపబడింది. కరువు రోజులలో ఆ కట్టడం పనే ఎందరికో కూడు పెట్టింది. ఈ రెండింటినీ ఒకే ప్రయాణంలో చూడవచ్చును. అయితే కాలపట్టికను సరియైన చోటు నుండి వ్రాయడం మొదలు పెట్టాలి.

కదలని గంటలు ముందు వ్రాయండి

చాలామంది “ఉదయం ఐదింటికి బయలుదేరుతాము, ఎప్పటికి చేరితే అప్పటికి” అని మొదటి నుండి లెక్క వేస్తారు. అలా వేస్తే ముఖ్యమైనది చివరకు మిగిలిన సమయంలో ఇరుక్కుంటుంది. కనుక మనము ఆలస్యమైనా మన కొరకు ఆగని గంటలు ఏవో మొదట కాగితం మీద వ్రాసి, అక్కడ నుండి వెనుకకు లెక్క కట్టాలి.

ఈ యాత్రలో అటువంటి గంటలు రెండు. ఒకటి మెదకులో ఆదివారపు ఆరాధన. రెండవది మెదకులోనే పగటి వెలుతురు. ఆ దేవాలయంలో మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలు ఉన్నాయి. ఒకదానిపై ప్రభువు జననము, ఒకదానిపై సిలువ, ఒకదానిపై ఆరోహణము చిత్రింపబడి ఉన్నవి. బయటి వెలుతురు అద్దం గుండా లోపలికి వచ్చినప్పుడే ఆ బొమ్మలు కనబడతాయి. చీకటి పడితే లోపల ఎన్ని దీపాలు వెలిగించినా అవి నల్లని పలకలే. అంత దూరం వెళ్ళి ప్రొద్దు గ్రుంకిన తరువాత లోపల అడుగుపెట్టేవారు సగం చూడకుండానే తిరిగి వస్తారు. చలికాలంలో ఆరు గంటలకే ప్రొద్దు గ్రుంకుతుంది. కాబట్టి శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఈ కుటుంబం మెదకు దేవాలయం మెట్ల దగ్గర ఉండాలి. ఇది మొదటి మేకు. ఆదివారం ఆరాధనకు అరగంట ముందు లోపల కూర్చుని ఉండాలి. ఇది రెండవ మేకు. మిగిలినదంతా ఈ రెండు మేకుల మధ్య కట్టే త్రాడు.

దారి సమయం ఎలా లెక్క కట్టాలి

బండివారిని అడిగితే “గంటకు అరవై కిలోమీటర్లు లాగుతాను” అంటారు. బండి లాగగలదు, దారి లాగనివ్వదు. ఊళ్ళు, వేగనిరోధకాలు, ధాన్యం ట్రాక్టర్లు, రైలు గేట్లు అన్నీ కలిపి చూస్తే మామూలు రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు, హైదరాబాదు–విజయవాడ వంటి పెద్ద రహదారి మీద 50 కిలోమీటర్లు లెక్క వేసుకోవడం క్షేమం. బండిలో పెద్దలు, పిల్లలు ఉన్నప్పుడు అంతకు మించి తోలించరాదు కూడా.

ఈ లెక్కకు రెండు కలపాలి. మొదటిది విశ్రాంతి. రెండు గంటల ప్రయాణానికి ఒకసారి ఇరవై నిమిషాలు బండి ఆపాలి. పదకొండుగురు దిగి, కాళ్ళు చాపుకొని, మరుగుదొడ్డికి వెళ్ళి, నీళ్ళు త్రాగి, తిరిగి ఎక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. “ఐదు నిమిషాలు” అని ఆపిన చోట కూడా అంతే పడుతుంది. అందుకని ముందే వ్రాసి పెట్టుకోవడం మంచిది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు రెండు గంటలకు మించి కాళ్ళు ముడుచుకొని కూర్చుంటే దిగేటప్పుడు అడుగు వేయలేరు. ఆడవారు దారిలో మరుగుదొడ్డి ఉండదేమోనని నీళ్ళు త్రాగడం మానేస్తారు. సాయంత్రానికి తలనొప్పి, మూత్రంలో మంట అందువలననే. కనుక ఆగే చోటు పెట్రోలు బంకో, పెద్ద హోటలో అయి ఉండాలి. చెట్టు నీడ చాలదు.

రెండవది ఆలస్యానికి పెట్టే సమయం. టైరు పంక్చరు, దారి మరమ్మతు, ఒక బిడ్డకు వాంతులు – ఏదో ఒకటి రాక మానదు. ప్రతి గంట ప్రయాణానికి సుమారు పది నిమిషాలు ఇందుకు కేటాయించండి. ఈ సమయాన్ని రోజు చివర పెట్టకండి. కదలని గంటకు ముందు పెట్టండి. అప్పుడు ఆలస్యమైతే అది ఆలస్యాన్ని మ్రింగుతుంది. కాకపోతే పెద్దలకు పడుకొనే సమయం అవుతుంది. ఏ విధంగానూ వ్యర్థం కాదు.

మొదటి రోజు: శుక్రవారం, దోర్నకల్

ఇంటి నుండి విజయవాడ, ఖమ్మం మీదుగా దోర్నకల్‌కు సుమారు 195 కిలోమీటర్లు. గంటకు 40 చొప్పున ఐదు గంటలు. ఉదయం 5 గంటలకు ప్రార్థన చేసికొని బండి కదలాలి. ఐదింటికి కదలాలంటే సామాను ముందురోజు రాత్రే కట్టి గుమ్మం దగ్గర ఉండాలి. 7 గంటలకు టిఫిను కొరకు నలభై నిమిషాలు. మామగారు చక్కెర మాత్ర వేసికొనేది ఈ టిఫినుతోనే. ఇన్సులిను తీసుకొనే వారైతే పళ్ళెం ఎదుటికి వచ్చిన తరువాతనే తీసుకోవాలి. దారిలో తిండి ఆలస్యమైతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కంగారు మాటలు వస్తాయి. అందుకని బిస్కెట్లు, చక్కెర పొట్లం ఆయన చేతి సంచిలోనే ఉండాలి, బండి వెనుక సామానులో కాదు.

ఖమ్మం దగ్గర ఇరవై నిమిషాలు ఆగితే 11 గంటలకు దోర్నకల్ చేరతారు. దీనికి ముప్పావు గంట కలిపి, అక్కడి సంఘ కార్యాలయానికి “11-45కు వస్తాము” అని చెప్పాలి. నిజంగా 11కే చేరితే పెద్దలు నీడలో కూర్చుని ముఖం కడుక్కొంటారు. 11-45 దాటితే మాత్రం ముందుకు ఫోను చేయాలి.

దోర్నకల్‌లో మూడు గంటలు ఉంచండి. దిగి స్థిమితపడడానికి పావుగంట. మందిరం లోపల ఒక గంట: మొదట ఎవరైనా స్థానిక పెద్ద దాని చరిత్ర చెబితే విని, తరువాత మౌనంగా కూర్చుని, కుటుంబంగా ఒక ప్రార్థన. బయటకు వచ్చి కట్టడం చుట్టూ తిరగడానికి అరగంట. మండపపు స్తంభాలు, గుమ్మటాలు చూపించి, మన దేశపు శిల్పరీతులన్నీ ప్రభువు మందిరంలోకి ఎలా తెచ్చారో పిల్లలకు చెప్పండి. భోజనానికి ముప్పావు గంట, పెద్దలు నడుము వాల్చడానికి అరగంట. 2-45కు బయలుదేరాలి. వరంగల్‌కు సుమారు 95 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. ఒకసారి ఆగితే 5-35, ఆలస్యం కలిపితే 6 గంటలు. రాత్రి బస వరంగల్, హనుమకొండలలో ఎక్కడైనా. పిల్లలు కోట చూస్తామంటారు. దానిని పట్టికలో “కుదిరితే” అని బ్రాకెట్టులో వ్రాయండి. ఎందుకో తరువాత చెబుతాము.

రెండవ రోజు: శనివారం, మెదకు

వరంగల్ నుండి మెదకు సుమారు 190 కిలోమీటర్లు. నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు. ఇరవై నిమిషాల చొప్పున రెండుసార్లు ఆగాలి. ఉదయం టిఫిను ముగించి 7-30కు బయలుదేరితే 12-55కు చేరుతారు. మన మేకు 3 గంటల దగ్గర ఉన్నది. ఒంటిగంటకు గది చేరి, భోజనం చేసి, ఒక గంట పడుకొని లేచి వెళ్ళవచ్చును. దారిలో గంటసేపు నష్టమైనా భోజనం రెండింటికి అవుతుంది, పడక తగ్గుతుంది, మూడు గంటల మేకు మాత్రం కదలదు. అదే ఈ ఏర్పాటు యొక్క ప్రయోజనం.

మెదకు దేవాలయానికి రెండున్నర గంటలు చాలు. లోపల వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గోపురం 175 అడుగులు. ఇంత పెద్ద మందిరంలో పిల్లలు పరుగెత్తుతారు, పెద్దలు వెనుకబడతారు. అందుచేత ఒక పద్ధతి చేయండి. మొదట అందరూ నడి మధ్యలో పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. తరువాత ఒక్కొక్క రంగు కిటికీ క్రింద పది నిమిషాలు. అక్కడ ఒకరు ఆ చిత్రంలోని కథను తమ మాటలలో చెప్పాలి. జననం చిన్నపిల్లలు, సిలువ పెద్దపిల్లలు, ఆరోహణం తాతగారు. ఎండ పడమటికి వాలినకొద్దీ అద్దాల మీది రంగులు మారుతుంటాయి కనుక, చూచి వెంటనే వెళ్ళిపోకుండా చివరలో మరొకసారి తిరిగి చూడండి. 5-30కు బయటకు వచ్చి, చీకటి పడకముందే గదికి చేరాలి. ఆ రాత్రి త్వరగా భోజనం, త్వరగా నిద్ర.

ఆవరణలో తలలు లెక్కపెట్టడం మరువకండి. యోసేపు, మరియ పండుగకు వెళ్ళి వస్తూ, బాలుడు బంధువుల గుంపులో ఉన్నాడనుకొని ఒక రోజు ప్రయాణం సాగిపోయారని లూకా సువార్తలో చదువుతాము. మూడు దినాల తరువాత గాని ఆయన కనబడలేదు. “వాళ్ళ దగ్గర ఉన్నాడులే” అని ప్రతివారూ అనుకోవడమే అక్కడ జరిగింది, ఇక్కడా అదే జరుగుతుంది. కనుక ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క పెద్దవారిని పేరు పెట్టి అప్పగించండి. బండి కదిలే ముందు ఒకరే లెక్కపెట్టాలి, పైకి వినబడేలా పదకొండు వరకు. పిల్లల జేబులో ఫోను నెంబరు వ్రాసిన కాగితం ఉంచండి.

మూడవ రోజు దగ్గరే చిక్కు

ఆదివారం ఆరాధన ముగించి, భోజనం చేసి 12-45కు బయలుదేరారనుకొందాము. మెదకు నుండి హైదరాబాదు బయటి వలయ రహదారి మీదుగా సూర్యాపేటకు సుమారు 250 కిలోమీటర్లు. మొదటి 100కు రెండున్నర గంటలు, తరువాతి 150కు మూడు గంటలు. అక్కడ నుండి ఇంటికి మరి 185 కిలోమీటర్లు, నాలుగు గంటలు. మొత్తం తొమ్మిదిన్నర గంటలు తోలుడే. మూడుసార్లు విశ్రాంతికి గంట, రాత్రి భోజనానికి నలభై నిమిషాలు కలిపితే ఇల్లు చేరేది రాత్రి సుమారు 12 గంటలకు. ఇందులో ఆలస్యానికి ఒక్క నిమిషం కూడా పెట్టలేదు.

సహోదరి వేసికొన్న మూడు రోజుల లెక్క ఇక్కడే తెగిపోతుంది. ఈ చివరి తొమ్మిదిన్నర గంటలు తోలేది ఒకే మనిషి. అతడు మూడు రోజులుగా తెల్లవారకముందే లేచి, కొత్త చోట పడుకొని, మన సామాను ఎక్కించి దించినవాడు. మోటారు రవాణా కార్మికుల చట్టము, 1961 పెట్టిన హద్దు పని రోజుకు 8 గంటలు, ఐదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతిగా ఉండేది. మన పట్టికలో మొదటి రోజు తోలుడు ఏడున్నర గంటలు, దానికి మధ్యలో దోర్నకల్‌లో మూడు గంటల విశ్రాంతి ఉన్నది. రెండవ రోజు ఐదు గంటల లోపే. మూడవ రోజు మాత్రం హద్దు దాటుతుంది, అదీ చీకటిలో.

డ్రైవరుకు నిద్ర వస్తున్నదని తెలుసుకొనే గుర్తులు ఇవి. మాటిమాటికి ఆవలిస్తాడు, కళ్ళు నులుముకుంటాడు. బండి మెల్లగా ఒక ప్రక్కకు జరిగి, ఉలిక్కిపడినట్లు తిరిగి మధ్యకు వస్తుంది. వేగం కారణం లేకుండా తగ్గి పెరుగుతుంది. “ఇప్పుడు దాటిన ఊరేమిటి?” అంటే చెప్పలేడు. ఇవి కనబడితే కిటికీ తీయడము, పాటలు పెట్టడము చాలదు. వెలుతురు ఉన్న చోట బండి ఆపించి, టీ ఇప్పించి, ఇరవై నిమిషాలు అతనిని పడుకోనివ్వాలి. అప్పటికీ తేరుకోకపోతే ఆ రాత్రి అక్కడే బస. ముందు సీటులో రాత్రి వేళ మేలుకొని ఉండే ఒక పెద్దవారు కూర్చోవాలి. నిద్రపోయేవారిని అక్కడ కూర్చోబెట్టకండి.

కాబట్టి మా సలహా నాలుగవ రోజు కలపమని. ఆదివారం 12-45కు బయలుదేరి, రెండుసార్లు ఆగి, ఆలస్యం కలుపుకొని రాత్రి ఎనిమిది గంటల ప్రాంతానికి సూర్యాపేటలో దిగండి. సోమవారం ఉదయం 8 గంటలకు బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి ఇంట్లో ఉంటారు. పిల్లలకు సోమవారం బడి పోతుంది. ప్రధానోపాధ్యాయుల వారికి ముందే సెలవు చీటీ ఇవ్వండి.

నాలుగవ రోజుకు ఖర్చెంత?

కుటుంబాలు రాత్రి ప్రయాణానికి ఒప్పుకొనేది తరచుగా డబ్బు వలననే. కనుక ఈ లెక్క కూడా తెరిచి చూద్దాము. బండ్లవారు సాధారణంగా “రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు” అని మాట్లాడతారు. అది 300 అనుకొంటే, మూడు రోజులకు 900. మన దారి మొత్తం 290, 190, 250, 185 కలిపి సుమారు 915 కిలోమీటర్లు. అంటే మూడు రోజులలో వచ్చినా 915కు ఇవ్వాలి. నాలుగు రోజులైతే నడిచినది 915 అయినా 1200కు అడుగుతారు. అంటే నడవని 285 కిలోమీటర్ల కిరాయి, డ్రైవరు బత్తా ఒక రోజుది, ఒక రాత్రి గదులు – ఇదీ అదనపు ఖర్చు.

దీనిని తగ్గించే దారి ఉన్నది. బండి మాట్లాడేటప్పుడే పూర్తి పట్టికను వారి చేతికి ఇచ్చి, “నాలుగవ రోజు మధ్యాహ్నానికి బండి మీకు వస్తుంది, ఆ రోజుకు కనీసం వేయక, మొత్తం నడిచిన కిలోమీటర్లకు, మూడున్నర రోజులకు మాట్లాడండి” అని అడగండి. ముందు అడిగితే ఒప్పుకొనేవారు ఉంటారు, దిగిన తరువాత అడిగితే తగవు అవుతుంది. అదీ సాధ్యం కాని కుటుంబానికి మరొక దారి: ఈ యాత్రను రెండుగా విడదీయండి. దోర్నకల్ జంక్షను విజయవాడ–కాజీపేట రైలు మార్గం మీదనే ఉన్నది గనుక ఒక రోజు రైలులో వెళ్ళి రావచ్చును. మెదకును మరొక సంవత్సరానికి ఉంచుకోండి. రెండింటినీ మూడు రోజులలో కుక్కి అర్ధరాత్రి ప్రయాణం చేయడం మాత్రం వద్దు.

ఏది ముందు మాట్లాడుకోవాలి

బండి మొదట మాట్లాడుకొని, గదులు తరువాత వెదికి, దేవాలయానికి వెళ్ళాక తలుపు వేసి ఉందని చూచేవారు ఉన్నారు. వరుస తలక్రిందులుగా ఉండాలి.

రెండు నెలల ముందు మీ పాస్టరుగారి చేత ఒక పరిచయ పత్రం వ్రాయించి, రెండు దేవాలయాల కార్యాలయాలకు పంపండి. ఫోనులో నాలుగు సంగతులు అడగండి: ఆ రోజు వివాహమో, ప్రత్యేక కూటమో ఉన్నదా? మరమ్మతులు జరుగుతున్నవా? సందర్శకులను ఏ గంట నుండి ఏ గంట వరకు అనుమతిస్తారు? ఆదివారం ఆరాధనలు ఏ వేళకు, అందులో ప్రభు సంస్కారం ఎందులో? సంస్కారం ఉన్న ఆరాధన ఎక్కువసేపు సాగుతుంది. దాని మీదనే మీ 12-45 ఆధారపడి ఉన్నది. క్రిస్మస్ రోజులలో మెదకుకు జనం విపరీతంగా వస్తారు, బండి దూరాన ఆపి నడవాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారితో ఆ రోజులు వద్దు. సంక్రాంతి ముందూ వెనుకా విజయవాడ రహదారి టోలుగేట్ల దగ్గర బండ్లు బారులు తీరతాయి. ఫిబ్రవరి రెండవ శనివారం కలిసివచ్చే వారం ఈ కుటుంబానికి అనుకూలం.

ఆరు వారాల ముందు గదులు. మూడు రాత్రులు మూడు ఊళ్ళలో. అడగవలసినది అద్దె ఒక్కటే కాదు: క్రింది అంతస్తులో ఒక గది దొరుకుతుందా, అందులో కుర్చీ వలె కూర్చొనే మరుగుదొడ్డి ఉన్నదా, గది ఖాళీ చేసే గంట ఏది? మెదకులో ఈ చివరి ప్రశ్న ముఖ్యం. ఆరాధన మధ్యలో గది గడువు ముగిస్తే ఒకరు లేచి పరుగెత్తాలి. కాబట్టి ఆదివారం ఉదయమే సామాను బండిలో పెట్టి, తాళం అప్పగించి మందిరానికి వెళ్ళండి. పెద్దలందరి ఆధార్ కార్డులు ఒక కవరులో ఒకరి దగ్గరే ఉండాలి.

నెల ముందు బండి. డ్రైవరు గాక పన్నెండు సీట్ల బండి తీసుకొంటే పదకొండుగురికి ఒక సీటు మిగులుతుంది. ఆ ఖాళీ సీటు వృథా కాదు. అత్తగారు కాళ్ళు చాపుకొనేది దాని మీదనే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 2014 నుండి వేరు రాష్ట్రాలు గనుక, బండికి రెండవ రాష్ట్రంలో తిరిగే పర్మిట్టు ఉన్నదా, ఆ పన్ను ఎవరు కడతారు, టోలు ఎవరిది, డ్రైవరు బత్తా ఎంత, అతని రాత్రి బస ఎక్కడ – ఇవి ఒక కాగితం మీద వ్రాయించి ఇద్దరూ సంతకం చేయండి. డ్రైవరుకు పడుకోవడానికి మంచం ఉన్న చోటు మీరే చూపించండి. బండి సీటు మీద పడుకొన్నవాడు మరునాడు మన పిల్లలను తోలుతాడు.

ఏది వదలాలో ఇంటి దగ్గరే తీర్మానించండి

ఎంత బాగా వ్రాసినా ఒక రోజు పట్టిక తప్పుతుంది. అప్పుడు బండిలోనే వాదన మొదలవుతుంది: పిల్లలు కోట అంటారు, కోడలు చీరల దుకాణం అంటుంది, తాతగారు ఊరుకొంటారు. ఊరుకొన్నవారి విశ్రాంతే మొదట పోతుంది. అందుకని బయలుదేరక ముందే కుటుంబ ప్రార్థన తరువాత కూర్చుని, ఆలస్యమైతే ఏది మొదట వదలాలో వరుసగా వ్రాయండి. ఈ కుటుంబానికి మా వరుస ఇది: మొదట వరంగల్ కోట, తరువాత దోర్నకల్ ఆవరణలో తిరిగే అరగంట, తరువాత దారిలో కొనుగోళ్ళు. భోజన సమయాలు, రెండు గంటలకు ఒకసారి ఆగడం, డ్రైవరు నిద్ర – ఈ మూడింటిలో కోత పెట్టరాదు.

ఆలస్యాన్ని కనిపెట్టే చోట్లు రెండు చాలు. శుక్రవారం ఖమ్మం దగ్గర ఆగినప్పుడు గడియారం చూడండి. పట్టిక ప్రకారం బండి అక్కడికి 9-40కు రావాలి. 10-20 దాటిందంటే ముప్పావు గంట నిల్వ ఖర్చైపోయినట్లే. అప్పుడే దోర్నకల్‌కు ఫోను చేసి, కోటను పట్టికలో కొట్టివేయండి. శనివారం మెదకు దారిలో రెండవసారి ఆగినప్పుడు చూడండి. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటితే, గదికి వెళ్ళకుండా దారిలోనే భోజనం ముగించుకొని నేరుగా దేవాలయానికి వెళ్ళాలి. రెండు చోట్లా నిర్ణయం ముందే అయిపోయింది కనుక ఎవరూ ఎవరి మీదా విసుక్కోనక్కరలేదు.

ఈ పట్టికను మూడు ప్రతులు వ్రాయండి. ఒకటి ముందు సీటులో కూర్చునేవారికి, ఒకటి డ్రైవరుకు, ఒకటి ఇంటి దగ్గర పాలేరుకో పొరుగువారికో. మూడవ ప్రతి మీద మూడు బసల పేర్లు, ఫోను నెంబర్లు ఉండాలి. ప్రతి రాత్రి బస చేరిన తరువాత వారికి ఒక్క ఫోను చేయండి. ఎనిమిదిన్నరకు కూడా ఫోను రాకపోతే వారే మీకు చేయాలని చెప్పి ఉంచండి.

ఉత్తరం వ్రాసిన సహోదరికి, ఆమె ఇంటివారికి ప్రభువు క్షేమకరమైన ప్రయాణము దయచేయును గాక. వెళ్ళి వచ్చిన తరువాత ఏ చోట మా లెక్క తప్పిందో, ఎక్కడ ఇంకా సమయం కావలసి వచ్చిందో ఒక కార్డు వ్రాస్తే, ఆ దిద్దుబాటును ఇతర కుటుంబాల కొరకు ఈ పేజీలోనే ప్రచురిస్తాము.